సగం దగ్గరే సెలవు

చికాగో పద్ధతిలో స్ట్రాంగిల్ అమ్మేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. అమ్మకం పూర్తయిన నిమిషంలోనే దాన్ని తిరిగి కొనే ఆర్డరు కూడా పెట్టేస్తారు. 4.90 డాలర్లకు అమ్మితే, 2.45కి వస్తే కొనమని ఆర్డరు. రద్దు చేసేదాకా అది బ్రోకరు దగ్గర అలాగే ఉంటుంది. క్యాలెండర్‌లో మరో తేదీకి కూడా గుర్తు పెట్టుకుంటారు. గడువుకు 21 రోజులు మిగిలిన రోజు అది. ఆర్డరు, తేదీ, వీటిలో ఏది ముందొస్తే దానితో ఆ వ్యాపారం ముగుస్తుంది.

చికాగో ఆప్షన్ల ఎక్స్చేంజి అంతస్తు మీద ఏళ్ల తరబడి ట్రేడింగ్ చేసిన టామ్ సోస్నాఫ్, తన బృందంతో 2011లో టేస్టీట్రేడ్ మొదలుపెట్టాడు. ఈ లెక్కను ఇళ్లలో కూర్చుని ట్రేడ్ చేసే మామూలు జనానికి అలవాటు చేసింది ఆ కార్యక్రమమే. 45 రోజుల గడువు దగ్గర అమ్మడం, గరిష్ఠ లాభంలో సగం రాగానే మూసేయడం, అది రాకపోతే 21 రోజుల దగ్గర తప్పుకోవడం. చెప్పుకోవడానికి ఒక్క వాక్యం. అయితే ఈ సగం ఎందుకు, ఈ 21 ఎందుకు అని అడిగితే చాలామంది అమ్మకందారులు గెలుపు శాతం పెరుగుతుందని చెప్పి ఊరుకుంటారు. అసలు కారణం అంతకంటే ఆసక్తికరమైనది.

స్ట్రాంగిల్ అమ్మడమంటే సూచీకి పైన ఒక కాల్, కింద ఒక పుట్ అమ్మి రెండు ప్రీమియంలూ పుచ్చుకోవడం. గడువు రోజున సూచీ ఆ రెండు స్ట్రైకుల మధ్యే ఉంటే ప్రీమియం మొత్తం మిగులుతుంది. అమ్మినవాడికి రాగలిగిన గరిష్ఠ లాభం అంతే. నష్టానికి మాత్రం పైవైపు హద్దు లేదు, కింద సూచీ సున్నా అయ్యేదాకా ఉంది.

లెక్క తేలిగ్గా ఉండేందుకు ఎస్‌పీవై ఫండు 500 డాలర్ల దగ్గర ఉందనుకుందాం. గడువు 45 రోజులు, మార్కెట్ ఊహిస్తున్న ఒడిదుడుకు ఏడాదికి 16 శాతం, వడ్డీ లేదు. 530 కాల్‌నూ 475 పుట్‌నూ బ్లాక్-షోల్స్ సూత్రంతో వెలకడితే రెండూ కలిపి సుమారు 4.90 డాలర్లు పలుకుతాయి. ఒక కాంట్రాక్టుకు వంద షేర్లు కాబట్టి చేతికొచ్చేది 490 డాలర్లు. నిజమైన మార్కెట్లో పుట్ ఇంకాస్త ఖరీదుగా ఉంటుంది గానీ, కథ మారదు.

ఇప్పుడు ఫండు 500 దగ్గరే కదలకుండా ఉందని, ఒడిదుడుకు అంచనా కూడా మారలేదని అనుకుందాం. సూత్రం ప్రకారం ఆ స్ట్రాంగిల్ విలువ 16వ రోజుకల్లా సగానికి పడిపోతుంది. అంటే మొదటి సగం 16 రోజుల్లో వచ్చింది. రోజుకు దాదాపు 15 డాలర్లు. మిగిలిన సగం కోసం ఇంకా 29 రోజులు కూర్చోవాలి. రోజుకు ఎనిమిదిన్నర డాలర్లు. అదే మార్జిన్ సొమ్ము అంతకాలం ఇరుక్కుని ఉండి దాదాపు సగం వేగంతో సంపాదిస్తుంది. దాన్ని విడిపించి మళ్లీ 45 రోజుల గడువున్న కొత్త స్ట్రాంగిల్‌లో పెడితే వేగం మళ్లీ మొదటి స్థాయికి వస్తుంది. సగం దగ్గర ఆగమనడంలో మొదటి లెక్క ఇదే.

రెండో లెక్క గామాది. సూచీ కదిలినప్పుడు ఆప్షన్ ఎన్ని షేర్లలా ప్రవర్తిస్తుందో చెప్పేది డెల్టా. ఆ డెల్టా ఎంత త్వరగా మారుతుందో చెప్పేది గామా. ఇందాకటి 530 కాల్‌నే తీసుకుందాం. ఫండు 520 నుంచి 540కి పోయిందనుకుందాం. గడువు ఇంకా 45 రోజులుంటే, ఆ కాల్ అమ్మినవాడి పరిస్థితి 38 షేర్లు షార్ట్ చేసినవాడి నుంచి 64 షేర్లు షార్ట్ చేసినవాడిలా మారుతుంది. గడువు 21 రోజులుంటే 32 నుంచి 69కి. అదే అయిదు రోజులే మిగిలి ఉంటే 16 నుంచి 84కి. నిన్నటిదాకా పెద్దగా పట్టించుకోనక్కర లేని కాల్, రాత్రికి రాత్రి దాదాపు పూర్తి షార్ట్ పొజిషన్ అయి కూర్చుంటుంది.

డాలర్లలో చూస్తే సంగతి ఇంకొంచెం సూక్ష్మంగా కనిపిస్తుంది. ఫండు ఒక్కరోజులో 520 నుంచి 530కి ఎగిరిందనుకుందాం. 21 రోజుల గడువున్న కాల్ ధర 4.01 నుంచి 7.92కి పోతుంది. అమ్మినవాడికి 391 డాలర్ల నష్టం. అయిదు రోజుల గడువున్న కాల్ 0.79 నుంచి 3.54కి పోతుంది. నష్టం 275 డాలర్లే. చిన్న గడువుదే తక్కువ నష్టం కదా అనిపిస్తుంది. కానీ ఎదురుగా ఉన్న లాభం కూడా చూడాలి. మొదటివాడు 401 డాలర్లు సంపాదించే అవకాశం కోసం 391 పోగొట్టుకున్నాడు. రెండోవాడు 79 డాలర్ల కోసం 275 పోగొట్టుకున్నాడు. కొసరు కోసం అసలుకు ఎసరు తెచ్చుకోవడం అంటే ఇదే. చివరి వారాల్లో ప్రీమియం కరిగిపోతున్నకొద్దీ ఈ నిష్పత్తి ఇంకా వికృతమవుతుంది.

మరి 21కి బదులు 18 రోజులు ఎందుకు కాదు, 25 ఎందుకు కాదు? గామా ఫలానా రోజున తలుపు తట్టి రాదు. గడువు వర్గమూలానికి విలోమంగా, నెమ్మదిగా పెరుగుతూ వస్తుంది. స్ట్రైకు దగ్గర నిలబడ్డ ఆప్షన్‌కు 45 రోజులప్పుడు ఉన్న గామా, 21 రోజులకు ఒకటిన్నర రెట్లు, అయిదు రోజులకు మూడు రెట్లు అవుతుంది. 21 అనేది ఆ వాలు మీద గీసుకున్న ఒక సౌకర్యమైన గీత. నెలవారీ గడువుల మధ్య చక్రం తిప్పుకోవడానికి కూడా అది చక్కగా కుదురుతుంది.

ఇక్కడ అమ్మకందారులు తరచూ పొరబడే విషయం ఒకటుంది. సగం దగ్గర మూసేస్తే గెలుపులు ఎక్కువవుతాయన్నది నిజమే. గడువు రోజున హద్దుల మధ్య ఉండాల్సిన అవసరం లేకుండా, మధ్యలో ఏదో ఒకరోజు ధర సగానికి తగిలితే చాలు కాబట్టి. కానీ ఆ గెలుపులు సగం సైజువి. ఆప్షన్ ధరలు న్యాయంగా ఉన్న మార్కెట్లో ఎప్పుడు మూసినా సగటు లాభం సున్నాయే, దాని మీద బ్రోకరేజీ, కొనుగోలు-అమ్మకం ధరల మధ్య తేడా నష్టం. ఏ నిష్క్రమణ నియమమూ లేని లాభాన్ని పుట్టించలేదు. మార్కెట్ ఊహించిన ఒడిదుడుకు, తర్వాత నిజంగా జరిగినదాని కంటే సగటున కాస్త ఎక్కువగా ఉండటం వల్లే అమ్మకందారుకు ఏమైనా మిగులుతుంది. నియమం చేసే పని, ఆ మిగులును ఏ రూపంలో తీసుకోవాలో నిర్ణయించడం. చిన్నచిన్న లాభాలు ఎక్కువసార్లు, చివరి వారపు గొడ్డలిపెట్లు తక్కువసార్లు.

ఇది స్టాప్‌లాస్ కూడా కాదు. 21 రోజుల దగ్గర నష్టంలో ఉన్న స్ట్రాంగిల్‌ను మూస్తే ఆ నష్టం ఖాయమవుతుంది. దాన్ని తర్వాతి నెలకు జరిపితే, అంటే పాతది కొని కొత్త గడువుది అమ్మితే, పాత నష్టం ఎక్కడికీ పోదు. ఖాతాలో అది నమోదయ్యాకే కొత్త పందెం మొదలవుతుంది. జరపడాన్ని రక్షణగా చూసేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి లెక్క రాసుకుంటారు, నెలల తర్వాత గానీ నిజం బయటపడదు.

ఈ నియమాన్ని మన నిఫ్టీ మీద పెట్టి చూడటానికి 2024 జూన్ కంటే మంచి నెల దొరకదు. జూన్ నెల గడువు 27వ తేదీ. 45 రోజుల లెక్క ప్రకారం మే నెల మధ్యలో, నిఫ్టీ 22,200 పరిసరాల్లో ఉండగా, ఒకరు 23,300 కాల్, 21,000 పుట్ అమ్మారనుకుందాం. ఎన్నికల ఫలితాల ముందు ప్రీమియంలు బాగా ఉబ్బి ఉన్న రోజులవి. ఎగ్జిట్ పోల్స్ తర్వాత జూన్ 3, సోమవారం నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. కాల్ స్ట్రైకు గుమ్మంలోకి వచ్చేసింది. మర్నాడు ఓట్ల లెక్కింపు. సూచీ దాదాపు ఆరు శాతం పడి 21,884.50 దగ్గర ఆగింది. ఒక్క రోజు తేడాతో పుట్ వైపు నిప్పంటుకుంది.

గమనించాల్సింది తేదీ. జూన్ 4 నాటికి గడువుకు ఇంకా 23 రోజులున్నాయి. 21 రోజుల నియమం అప్పటికి మేల్కోనే లేదు. ఈ పద్ధతి ఆ రోజు అమ్మకందారుకు ఏ సాయమూ చేయలేదు. అతన్ని నిలబెట్టగలిగింది ఒక్కటే. ఒకే రోజు ఆరు శాతం కదలికనూ, అది తెచ్చిన మార్జిన్ పెంపునూ తట్టుకునేంత చిన్న సైజులో అమ్మి ఉండటం. అలా నిలిచినవాళ్లకు మర్నాడే ఊపిరాడింది. జూన్ 5న నిఫ్టీ 22,620.35కు తేరుకుంది. భయం తగ్గడంతో ప్రీమియంలూ దిగాయి.

జూన్ 6 నాటికి గడువుకు సరిగ్గా 21 రోజులు. నిఫ్టీ 22,821.40 దగ్గర, రెండు స్ట్రైకుల మధ్యే ముగిసింది. నియమం పాటించినవాడు ఆ రోజు లాభమో నష్టమో తీసుకుని బయటపడతాడు. పాటించనివాడు, గండం గడిచింది కదా, మొత్తం ప్రీమియం తెచ్చుకుందామని కూర్చుంటాడు. జూన్ 27న నిఫ్టీ 24,044.50 దగ్గర ముగిసింది. 23,300 కాల్ 744 పాయింట్లు లోపలికి వెళ్లిపోయింది. మే నెలలో రెండు వైపులా కలిపి 400 పాయింట్ల ప్రీమియం వచ్చిందనుకున్నా, చివరిదాకా పట్టుకున్నవాడికి 344 పాయింట్ల నష్టం.

ఒక నెల కథతో నియమం రుజువు కాదు. సూచీ 22,800 దగ్గరే నిలిచిపోయి ఉంటే, జూన్ 6న మూసినవాడు వదులుకున్న మిగతా ప్రీమియాన్ని చూసి నాలుక కరుచుకునేవాడు. పైగా మన దగ్గర ఈ పద్ధతికి అమెరికాలో లేని అడ్డంకి ఉంది. నిఫ్టీలో వ్యాపారం ఎక్కువగా వారపు గడువుల చుట్టూ తిరుగుతుంది. 45 రోజుల దూరంలో ఉన్న దూరపు స్ట్రైకుల్లో కొనేవాడి ధరకూ అమ్మేవాడి ధరకూ మధ్య ఎడం పెద్దదిగా ఉంటుంది. ఆ ఎడాన్ని లోపలికి వెళ్లేటప్పుడు రెండు కాళ్ల మీద, బయటికి వచ్చేటప్పుడు రెండు కాళ్ల మీద చెల్లించాలి. సగం లాభం అని లెక్కేసేటప్పుడు ఈ నాలుగు చెల్లింపులూ తీసేశాక మిగిలేది చూడాలి. గడువు రోజు అమ్మకపు పొజిషన్ల మీద సెబీ 2024 నవంబరు నుంచి రెండు శాతం అదనపు మార్జిన్ కూడా వేసింది. 21 రోజుల దగ్గరే తప్పుకున్నవాడికి ఆ భారంతో పనే లేదు.