ఆ పాత కార్డు క్లోజ్ చేసే ముందు

ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టాలనుకోగానే మనవాళ్లలో చాలామంది చేసే మొదటి పని, పర్సులో మూలపడి ఉన్న క్రెడిట్ కార్డులు క్యాన్సిల్ చేయించడం. కార్డులు తక్కువుంటే అప్పులు తక్కువున్నట్టు కనిపిస్తుందని, బ్యాంకువాళ్లకు నమ్మకం కలుగుతుందని వాళ్ల ఆలోచన. కానీ లోను అర్హత లెక్కగట్టేటప్పుడు ప్రధానంగా చూసేది కార్డు మీద ఉన్న బకాయిని. ఒక్క రూపాయి బాకీ లేని పాత కార్డు వల్ల మీకు వచ్చే లోను తగ్గిపోదు. దాన్ని తొందరపడి తీసేస్తే మాత్రం కొంత నష్టం ఉంది. అయితే ఆ నష్టం జనం భయపడుతున్న చోట లేదు.

ఈ మధ్య మా మేనకోడలు ఇదే ప్రశ్నతో వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం, మియాపూర్ వైపు ఒక ఫ్లాట్ చూసుకుంది. "మామయ్యా, ఉద్యోగంలో చేరినప్పుడు తీసుకున్న కార్డు ఊరికే పడి ఉంది. ఏటా ఫీజు పడుతోంది. తీసేద్దామనుకుంటే ఆఫీసులో వద్దంటున్నారు. పద్నాలుగేళ్ల చరిత్ర పోతుందట, నిజమేనా?" అని అడిగింది. ముందు సిబిల్ రిపోర్టు తెరవమన్నాను. ఈ విషయంలో నాకున్న అలవాటు అదొక్కటే. రిపోర్టు ముందు పెట్టుకోకుండా స్కోరు గురించి ఎవరితోనూ మాట్లాడను.

ఆమెకు మూడు కార్డులున్నాయి. మొదటిది 2012లో తీసుకున్నది, లిమిట్ 60 వేలు. రెండోది 2021లో, లక్షా 20 వేలు. మూడోది 2024లో, 70 వేలు. మొత్తం లిమిట్ రెండున్నర లక్షలు. నెలకు కార్డుల మీద సుమారు 75 వేలు ఖర్చు పెడుతుంది, గడువులోపు మొత్తం కట్టేస్తుంది. మొదటి కార్డుకు ఏడాదికి 999 రూపాయల ఫీజు. 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 1,180.

ఇప్పుడు ఆ పాత కార్డు తీసేస్తే వెంటనే మారేది చరిత్ర వయసు కాదు, వాడకం నిష్పత్తి. రెండున్నర లక్షల లిమిట్‌లో 75 వేలు వాడితే అది 30 శాతం. 60 వేల కార్డు పోతే లిమిట్ లక్షా 90 వేలకు దిగుతుంది. ఖర్చు అంతే ఉన్నా వాడకం దాదాపు 40 శాతం అవుతుంది. ఆమె అదనంగా ఒక్క రూపాయి అప్పు చేయలేదు, అయినా రిపోర్టులో ఎక్కువ అప్పు మీద బతుకుతున్న మనిషిలా కనిపిస్తుంది. వాడకం 30 శాతం దాటకుండా చూసుకోమని బ్యాంకువాళ్లు చెప్పేది ఇందుకే. ఈ దెబ్బ తాత్కాలికమే. తర్వాతి నెలల్లో ఖర్చు తగ్గినా, బిల్లు తయారయ్యే లోపే కొంత కట్టేసినా రిపోర్టుకు చేరే మొత్తం తగ్గి, స్కోరు మళ్లీ కోలుకుంటుంది. కానీ లోను దరఖాస్తు నడుస్తున్న నెలలోనే ఇది జరిగితే కోలుకునే వ్యవధి ఉండదు. ఇంకో సంగతి. ఒకే బ్యాంకు ఇచ్చిన రెండు కార్డులకు చాలాసార్లు ఉమ్మడి లిమిట్ ఉంటుంది. అలాంటప్పుడు ఒకటి తీసేసినా ఆ బ్యాంకులో మీ మొత్తం లిమిట్ తగ్గకపోవచ్చు. ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక వయసు. మా మేనకోడలి మూడు కార్డుల వయసులు 14, 5, 2 ఏళ్లు. సగటు ఏడేళ్లు. పాతదాన్ని లెక్కలోంచి తీసేస్తే సగటు మూడున్నరేళ్లకు, అంటే సగానికి పడుతుంది. ఆమె ఆఫీసులో వాళ్లు భయపెట్టింది ఈ లెక్క చూపించే. లెక్క తప్పు కాదు, కానీ అది ఈ రోజు జరిగేది కాదు. కార్డు క్లోజ్ చేసినంత మాత్రాన ఆ ఖాతా రిపోర్టులోంచి మాయం కాదు. Date Opened ఎదురుగా 2012 అలాగే ఉంటుంది. దాని కింద Date Closed అని ఇంకో తేదీ చేరుతుంది, అంతే. సక్రమంగా కట్టిన ఆ నెలల చరిత్ర కూడా అక్కడే ఉంటుంది. క్రెడిట్ సమాచార సంస్థలు ఈ వివరాలను కనీసం ఏడేళ్లు ఉంచాలని మన నిబంధనలు చెబుతున్నాయి. రిపోర్టు తెరిచిన లోన్ ఆఫీసరుకు 2012 నుంచీ ఈమె బ్యాంకులతో వ్యవహారం నడుపుతోందని కనిపిస్తూనే ఉంటుంది.

మరి ఈ భయం ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు అమెరికా నుంచి వచ్చిందని నా అభిప్రాయం. అక్కడి ఫైకో స్కోరులో చరిత్ర నిడివికి 15 శాతం వెయిటేజీ ఉందని ఆ సంస్థే ప్రకటించింది. గడువులోపు కట్టడానికి 35, బాకీ ఉన్న మొత్తాలకు 30. మన దగ్గర సిబిల్ అలా సూత్రం విప్పి చెప్పదు, అందుకే అక్కడి అంకెలు ఇక్కడ చలామణి అవుతుంటాయి. ఆ అమెరికాలోనూ క్లోజ్ చేసిన మంచి ఖాతా రిపోర్టులో సుమారు పదేళ్లు ఉంటుంది, అన్నాళ్లూ ఫైకో దాని వయసును లెక్కలోకి తీసుకుంటూనే ఉంటుంది. నష్టమల్లా ఆ పదేళ్లు నిండి ఖాతా రాలిపోయిన రోజున. అప్పటికి మిగతా కార్డుల వయసు కూడా పదేళ్లు పెరిగి ఉంటుంది. కాబట్టి నాలుగైదు కార్డులున్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. ఒకటే పాత కార్డు ఉండి, మిగతావన్నీ నిన్నమొన్న తీసుకున్నవైతేనే ఆలోచించాలి. ఎమ్మెస్‌కు వెళ్లిన కొత్తలో తీసుకున్న స్టూడెంట్ కార్డును మన పిల్లలు ఉద్యోగం రాగానే పారేస్తుంటారు. అక్కడ వాళ్ల చరిత్ర మొదలైందే దానితో, ఇండియాలో ఉన్న సిబిల్ చరిత్ర అక్కడి స్కోరులోకి రాదు. ఫీజు లేని కార్డయితే దాన్ని ఉంచుకోవడమే మంచిది.

సరే, ఉంచుకుంటే ఎలా ఉంచుకోవాలి? బీరువాలో పడేసి మరచిపోవడం కార్డును ఉంచుకోవడం కాదు. 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం, ఏడాదికి మించి వాడని కార్డును మూసే ప్రక్రియను బ్యాంకే మొదలుపెట్టాలి. ముందు మనకు సమాచారం పంపుతుంది. 30 రోజుల్లో మనం బదులివ్వకపోతే, బాకీలు లేనప్పుడు ఖాతా మూసేస్తుంది. ఆ సమాచారం మీరు ఎప్పుడో మార్చేసిన ఫోన్ నంబరుకో, ఈమెయిల్‌కో వెళ్లి ఉండవచ్చు. కాబట్టి పాత కార్డు మీద మూడు నాలుగు నెలలకోసారి ఏదైనా చిన్న ఖర్చు పెట్టి, ఆ బిల్లు మొత్తం ఆటోపేలో కట్టేలా పెట్టుకోవాలి. ఆ రెండో భాగం మరిస్తే మొదటి దానివల్ల కీడే ఎక్కువ. గడువు దాటి మూడు రోజులకు మించి కట్టకపోతే ఖాతాను బకాయి పడినట్టు చూపే వీలు బ్యాంకుకు ఉంది. మొబైల్ రీఛార్జికి పెట్టిన రెండొందల రూపాయలు కట్టడం మరిచినందుకు రిపోర్టులో 30 రోజుల ఆలస్యం పడితే, ఆ కార్డు వయసు మీకు ఇచ్చిన మేలంతా కొట్టుకుపోతుంది. కార్డులు గుర్తుపెట్టుకుని చూసుకోలేనివాళ్లు తీసేయడమే నయం.

తీసేయాలనుకుంటే దానికీ ఒక వరస ఉంది, ఇబ్బందులు మొదలయ్యేది చాలావరకు ఇక్కడే. బిల్లులో కనిపించే మొత్తం కట్టేస్తే అయిపోయినట్టు కాదు. ఇంకా బిల్లులో చేరని ఖర్చులుంటాయి, ఈఎంఐలుగా మార్చుకున్న కొనుగోళ్లుంటాయి. గత నెల బిల్లు పూర్తిగా కట్టకుండా కొంత తోసుకొచ్చినవాళ్లకు బిల్లు తేదీకి, కట్టిన తేదీకి మధ్య రోజుల వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. అందుకని ముందు ఆ కార్డుకు ముడిపెట్టిన ఓటీటీ, బీమా చెల్లింపులన్నీ వేరే కార్డుకు మార్చి, రివార్డు పాయింట్లు వాడేసి, ఒక బిల్లు సున్నాగా వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాతే క్లోజ్ చేయమని అడగాలి. యాప్‌లోనో, ఈమెయిల్‌లోనో అడిగితే చాలు. ఉత్తరం రాసి పోస్టులో పంపమని వాళ్లు పట్టుబట్టకూడదు. బాకీ లేనప్పుడు 7 పనిదినాల్లో మూయాలి, ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మనకే చెల్లించాలి. ఇది అదే 2022 నిబంధనల్లో ఉంది, గట్టిగా అడగండి. ఖాతా మూసినట్టు లిఖితపూర్వకంగా తీసుకుని దాచుకోండి.

ఒక్క విషయంలో మాత్రం మరీ జాగ్రత్త. బాకీ పేరుకుపోయినవాళ్లకు వసూళ్ల ఏజెంట్లు ఫోన్ చేసి, ఎనభై వేలకు నలభై వేలు కట్టండి, కార్డు క్లోజ్ చేసేస్తాం అంటారు. కట్టినవాళ్లు కార్డు క్లోజయిందని నిశ్చింతగా ఉంటారు. రిపోర్టులో మాత్రం ఆ ఖాతా ఎదురుగా Settled అని పడుతుంది. అప్పు పూర్తిగా తీర్చలేదు, బ్యాంకు కొంత వదులుకుంది అని దానర్థం. చరిత్ర నిడివి తగ్గడం దీనిముందు లెక్కలోకి రాదు. తర్వాత లోను అడిగినప్పుడు మిగతా మొత్తం కట్టి నో డ్యూస్ సర్టిఫికెట్ తెమ్మంటారు. పూర్తిగా కట్టగల శక్తి ఏమాత్రం ఉన్నా ఆ బేరానికి ఒప్పుకోవద్దు.

మా మేనకోడలికి నేను చెప్పింది ఇది. లోను డబ్బు చేతికొచ్చేదాకా ఏ కార్డునూ కదపవద్దు. ఈలోగా ఆ పాత కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి, ఫీజు లేని రకానికి మార్చమని అడగాలి. ఖాతా అదే ఉండి 2012 తేదీ కొనసాగుతుందా, లేక కొత్త ఖాతా తెరుస్తారా అన్నది కూడా అడిగి రాయించుకోవాలి. మార్చడానికి ఒప్పుకుంటే కార్డు ఉంచుకోవచ్చు. ఒప్పుకోకపోతే, వాడని కార్డుకు ఏటా 1,180 రూపాయలు కట్టి వయసు కొనుక్కోవాల్సిన పనిలేదు. గృహప్రవేశం అయ్యాక తీసేయవచ్చు. అప్పటికి ఆమె రిపోర్టులో ఇంటి లోను కూడా చేరి, నెలనెలా కొత్త చరిత్ర రాస్తూ ఉంటుంది. చివరికి ఆ బ్యాంకు ఫీజే ఎత్తేయడానికి ఒప్పుకుంది. కార్డు ఆమె దగ్గరే ఉంది.

మీరు తీసేసే నిర్ణయానికే వస్తే, మూసిన నెలన్నర తర్వాత రిపోర్టు ఒకసారి తెప్పించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హై మార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఖాతా క్లోజయినట్టు, బాకీ సున్నా ఉన్నట్టు కనిపించకపోతే వెంటనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం అడిగే హక్కు మీకుంది.