పండుగ సందేశంలో వక్త స్థానం: భిన్నమత సహోద్యోగుల శుభాకాంక్షల అనువాదం – ఒక పరిశీలన

మదనపల్లె, పెద్దమండ్యం ప్రాంతంలో ఇంట ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు అనేకం. అటువంటి కుటుంబం నుండి వచ్చిన ఒక సీనియర్ అధ్యాపకునికి, నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, రంజాన్ నాడు ఇలా సందేశం పంపాను: "పరమ పవిత్రమైన రంజాన్ పర్వదినాన అల్లా మీకు ఆయురారోగ్యైశ్వర్యాలు ప్రసాదించుగాక." బదులుగా "థాంక్స్ అండీ" అని మాత్రం వచ్చింది. ఈ వాక్యంలో లోపం ఎక్కడున్నదో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

సంస్కృత పదాలు ఎక్కువ కావడమే లోపమని మొదట అనుకున్నాను. అది సరికాదు. 'ప్రసాదించు' అనే క్రియ తెలుగు క్రైస్తవ, ఇస్లామిక్ రచనల్లో సైతం వాడుకలో ఉన్నదే. అసలు చిక్కు 'గాక' దగ్గర ఉంది. ఇది ఆశీరర్థకం. మన వ్యవహారంలో ఆశీస్సు పెద్దల నుండి పిన్నలకు, గురువు నుండి శిష్యునికి దిగివస్తుంది. పిన్నవాడు పెద్దకు నమస్కరిస్తాడు, దీవించడు. ముప్పైల్లో ఉన్న నేను పదవీ విరమణకు దగ్గరైన వ్యక్తిని, అదీ ఆయన దేవుని పేరుతో, దీవించాను. మతభేదం కంటే ముందు వరుస తప్పింది. 'శుభాకాంక్షలు' అనే మాటకు ఈ ఇబ్బంది లేదు. అది ఆకాంక్ష మాత్రమే కనుక ఎవరు ఎవరికైనా చెప్పవచ్చు.

'ఈద్ ముబారక్' నిర్మాణం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. 'ముబారక్' అంటే శుభం పొందినది, దీవెన పొందినది అని అర్థం. దీవించినవారి పేరు ఆ మాటలో లేదు. అందుకే ముస్లిమేతరుడు దానిని అనువదించకుండా యథాతథంగా పలికినా ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. దాత పేరు చెప్పకుండా శుభం కోరడం ఈ ఊరికి కొత్త కాదు. 1919లో టాగూర్ మదనపల్లెలో ఉండగా 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. పలు మతాలవారిని పేర్కొనే ఆ గీతం సంబోధించేది ఏ ఒక్క మతానికీ చెందని 'భాగ్యవిధాత'ను.

అయితే దేవుని పేరు ఎక్కడా రాకూడదని నా వాదన కాదు. ముస్లింలు పండుగనాడు పరస్పరం చెప్పుకొనే అరబీ వాక్యం ఒకటుంది: "తఖబ్బలల్లాహు మిన్నా వ మిన్‌కుమ్." మా నుండి, మీ నుండి అల్లా స్వీకరించుగాక అని దాని భావం. స్వీకరించవలసినవి ఉపవాసాలు, ప్రార్థనలు. ఉపవాసం ఉండని నేను దీనిని పూర్తిగా తెలుగు చేసి పంపితే 'మా నుండి' అన్న భాగం అబద్ధమవుతుంది. 'మన నుండి' అంటే ఇంకా పెద్ద అబద్ధం, ఎందుకంటే తెలుగు 'మన' వక్తనూ శ్రోతనూ ఒకే ఆచరణలో కలిపేస్తుంది. 'మిన్నా'ను వదిలి, 'గాక'ను 'అని కోరుకుంటున్నాను'గా మారిస్తే వాక్యం నా నోట నిజమవుతుంది: "మీ రోజాలు, దువాలు అల్లా స్వీకరించాలని కోరుకుంటున్నాను సార్. ఈద్ ముబారక్." ఇక్కడ అల్లా ఆయన విశ్వాసంలోని దైవం, కోరిక నాది. అనువాదంలో ఒక మాట వదలడం లోపమంటారు. ఇక్కడ మాత్రం వదలకపోవడమే లోపం.

ఈస్టర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. "క్రీస్తు లేచెను" అన్నది శుభాకాంక్ష కాదు, విశ్వాస ప్రకటన. హిందూ సహోద్యోగి దానిని తిరిగి పలకనక్కరలేదు, "ఈస్టర్ శుభాకాంక్షలు" చాలు.

'శుభాకాంక్షలు' చెల్లని రోజులూ ఉన్నాయి. గుడ్ ఫ్రైడే యేసు సిలువ మరణాన్ని స్మరించే దినం. ఆంగ్లంలో ఆ 'గుడ్' అనే మాటకు పూర్వపు అర్థం 'పవిత్రం'. మనవారు దానిని 'శుభ శుక్రవారం' చేశారు. 'శుభ' అన్నాక 'ఆకాంక్షలు' రావడానికి ఎంతసేపు? ఏటా ఎవరో ఒకరు "గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు" పంపుతూనే ఉంటారు. తప్పు పంపినవారి మనసులో లేదు, అనువాదంలోనే ఉంది. కొందరు వాడే 'పవిత్ర శుక్రవారం' సరైనది. మొహర్రం సంగతి ఇంకా క్లిష్టం. రాయలసీమ పల్లెల్లో హిందువులూ పాల్గొనే ఆ సందర్భానికి తెలుగు పేరే 'పీర్ల పండుగ'. పేరులో పండుగ ఉన్నా, స్మరించేది క్రీ.శ. 680లో కర్బలాలో జరిగిన ఇమామ్ హుసేన్ మరణాన్ని. గుండం చుట్టూ ఎంత సందడి ఉన్నా, ఆ రోజున శుభాకాంక్షల కార్డు పంపడం సంతాపసభకు పూలగుత్తి తీసుకువెళ్లి అభినందించినట్టే.

ఎదుటి దిశ నుండి చూస్తే, వినాయక చవితికి క్రైస్తవ సహోద్యోగి "విఘ్నేశ్వరుని కృప మీపై ఉండాలి" అని రాయాలని మనం ఎదురుచూడకూడదు. మా గదిలో ఒక క్రైస్తవ అధ్యాపకురాలు పండుగ మరుసటి రోజు "పండగ బాగా జరిగిందా? పిల్లోళ్ళు వచ్చినారా?" అని అడుగుతుంది. ఇందులో శుభమూ లేదు, ఆశీస్సూ లేదు. కానీ ఈ ప్రాంతపు తెలుగులో పండుగ పలకరింపు చాలాకాలంగా ఆకాంక్షగా కంటే ప్రశ్నగానే ఉంటూ వచ్చిందని నా పరిశీలన. అచ్చు కార్డుల భాష ఆ ప్రశ్నను పక్కకు నెట్టింది.

మరుసటి ఏడాది మార్చిన సందేశం పంపాను. ఈసారి బదులు కొంచెం పెద్దది: "దువాలో మీరూ ఉన్నారు. మధ్యాహ్నం ఇంటికి రండి, షీర్ ఖుర్మా చేశారు."