పుల్ల పెరుగు పొంగు

ఏలూరు, తాడేపల్లిగూడెం టిఫిన్ బండ్ల దగ్గర వేడి మైసూర్ బజ్జీని విరిస్తే లోపల గుల్లగా కనిపిస్తుంది. ఈస్టు లేదు, గుడ్డు లేదు. మైదాలో కలిసిన పుల్ల పెరుగు, చిటికెడు వంటసోడా చేసిన పని అది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలవగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి.

గుడ్డు లేని కేకుకూ ఇదే కిటుకు.

కప్పు మైదాకు అరకప్పు పుల్ల పెరుగు, పావు టీస్పూను సోడా చాలు. పెరుగు పులవకపోతే ఆమ్లం చాలక సోడా మిగిలిపోతుంది. అప్పుడు కేకు సబ్బు రుచి కొడుతుంది, రంగు ముదురుతుంది.

బజ్జీ పిండి జిగురుగా ఉంటుంది కాబట్టి కాసేపు నానినా గాలిని పట్టి ఉంచుతుంది. పలుచటి కేకు పిండికి ఆ ఓపిక లేదు. ఓవెన్ ముందే వేడి చేసుకుని, సోడా చివర్లో కలిపి, వెంటనే లోపల పెట్టండి.