స్థిర ధరల వృద్ధి - సాగుదారు ఆదాయం: నెల్లూరు తీర రొయ్యల సాగు ఆధారంగా ఒక పరిశీలన

నెల్లూరు తీరంలోని రొయ్యల చెరువుల ఉత్పత్తి విలువ ప్రస్తుత ధరల్లో పెరిగిందంటే, పెరిగింది సరుకా, ధరా అన్నది ఆ అంకె చెప్పదు. అందుకే ఉత్పత్తిని ఆధార సంవత్సరపు ధరలతో లెక్కించి వాస్తవిక విలువను నిర్ణయిస్తారు. నామమాత్రపు విలువను దానితో భాగించి నూరుతో హెచ్చిస్తే వచ్చేదే డిఫ్లేటర్.

ధరలు పెరిగినప్పుడు ఈ సవరణ వృద్ధిని తగ్గించి చూపుతుంది. ఎగుమతి ధర పడిపోయినప్పుడు ఇదే సవరణ వృద్ధిని పెంచి చూపుతుంది. ఒక ఊహాత్మక లెక్కను పరిశీలించవచ్చు. ఆధార సంవత్సరంలో 100 టన్నుల వనామి రొయ్య కిలో 300 రూపాయల చొప్పున 3 కోట్లు తెచ్చింది. తరువాత 120 టన్నులు 250 రూపాయల చొప్పున అమ్మినా వచ్చింది అదే 3 కోట్లు. నామమాత్రపు వృద్ధి సున్న. పాత ధరతో లెక్కిస్తే విలువ 3.6 కోట్లు, వృద్ధి 20 శాతం, డిఫ్లేటర్ 83.3.

అయితే జీడీపీలో చేరేది ఈ మొత్తం కాదు. మేత, రొయ్యపిల్ల, విద్యుత్తు వంటి ఖర్చులు పోగా మిగిలే అదనపు విలువ. ఆ ఖర్చులు మొదట 1.8 కోట్లు. వాటి పరిమాణం 20 శాతం, ధర 10 శాతం పెరిగితే సుమారు 2.38 కోట్లవుతాయి. అప్పుడు అదనపు విలువ 1.2 కోట్ల నుంచి 62 లక్షలకు దిగుతుంది. సరుకునూ ఖర్చులనూ విడివిడిగా పాత ధరలకు మారిస్తే మాత్రం అది 1.44 కోట్లకు పెరుగుతుంది.

ఈ రెండో అంకె తప్పు కాదు. ఉత్పత్తి పరిమాణం ఎంత పెరిగిందన్న ప్రశ్నకు అదే సరైన సమాధానం. సాగుదారుకు మిగిలిన కొనుగోలు శక్తి ఎంత అన్నది వేరొక ప్రశ్న. దానికి అతని నగదు ఆదాయాన్ని వినియోగదారుల ధరల సూచికతో సవరించాలి. స్థిర ధరల వృద్ధిని తీరగ్రామాల సంపదకు నిదర్శనంగా చూపే విశ్లేషణ మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని రెండో ప్రశ్నకు అంటగడుతుంది.