ద్రాక్షారామంలో ‘ర’ ఎక్కడిది?

ఈ వారం ఒకే వాట్సాప్ సందేశం అటు బంధువుల నుంచీ ఇటు మిత్రుల నుంచీ కాలమిస్టు ఫోనుకి వచ్చి పడింది. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం - ఈ మూడు లింగాల నడుమ నేల త్రిలింగ దేశమనీ, ఆ మాటే అరిగి ‘తెలుగు’ అయిందనీ దాని సారాంశం. కింద కొసరుగా మరో వాక్యం: ద్రాక్షతోటలు విరివిగా ఉండటం వల్లే ద్రాక్షారామానికి ఆ పేరు వచ్చిందట. మొదటి మాట కాలమిస్టుకు పాత చిరాకు. పట్టి ఆపింది ఆ కొసరు వాక్యం.

మాట వయసు చెవిని కాదు, శాసనాన్ని అడగాలన్నది ఈ శీర్షిక పాత పట్టుదల. రామచంద్రపురం దగ్గరి ఆ భీమేశ్వరాలయంలో గోడల మీదా స్తంభాల మీదా వందలాది శాసనాలున్నాయి. వాటిలో ఊరి పేరు దక్షారామం, దాక్షారామం. 15వ శతాబ్దంలో భీమేశ్వర పురాణం రాసిన శ్రీనాథుడికీ అది దక్షారామమే, దక్షుడి పేరు మీద వెలసిన క్షేత్రమే. ఆరామమంటే తోట, బౌద్ధుల విహారానికీ అదే మాట. చుట్టూ చూస్తే గోదావరి డెల్టా, వరి, కొబ్బరి. మరి ద్రాక్ష ఎలా వచ్చింది?

తెలుగు నోటికి హల్లు కింద రకారం బరువు. క్రింద కింద అయింది, మ్రాను మాను అయింది, త్రాగడం తాగడం అయింది. ఇది వందల ఏళ్లుగా ఒకే దిక్కుకు పారుతున్న ఏరు. దాక్షారామం ద్రాక్షారామం కావడమంటే ఏటికి ఎదురీదడమే. ధ్వని అలా ఎదురు నడిచిన చోట కారణం వేరే వెతకాలి. సాధారణంగా పక్కనే బాగా తెలిసిన మాట ఒకటి ఉండి, తెలియని మాటను తనవైపు లాగుతుంది. ‘దాక్ష’ అంటే ఏమిటో జనానికి తెలియదు, ‘ద్రాక్ష’ తెలుసు. పైగా ‘కింద’ అని పలికేవాళ్లు ‘క్రింద’ అని రాయడం మర్యాద అనుకున్న కాలంలో, ‘దాక్ష’లో కూడా రకారం జారిపోయిందనుకుని దాన్ని తిరిగి నిలబెట్టడం సహజం. తప్పు దిద్దుతున్నామనే అనుకుని ఉంటారు. అలా పేరు మారాక, ఆ పేరును సమర్థించడానికి ద్రాక్షతోటల కథ పుట్టింది.

ఇదే గీటురాయి మీద త్రిలింగాన్ని గీస్తే ఫలితం వేరుగా వస్తుంది. త్రిలింగ నుంచి తిలింగకు రావడానికి అడ్డేమీ లేదు, రకారం జారితే చాలు. 14వ శతాబ్దపు విలస తామ్రశాసనంలో దేశం పేరు తిలింగమనే ఉంది కూడా. కథ తడబడేది కాలం దగ్గర. నన్నయ 11వ శతాబ్దంలోనే ‘తెనుగు’ అన్నాడు. మూడు క్షేత్రాల హద్దులతో దేశాన్ని చెప్పిన విద్యానాథుడి ప్రతాపరుద్రీయం 1300 ప్రాంతానిది. 17వ శతాబ్దంలో అప్పకవి దాన్ని వ్యాకరణంలోకి ఎక్కించాక కథకు శాస్త్రం హోదా వచ్చింది. తెనుగులోని ‘న’ ఎక్కడిదో మాత్రం అది చెప్పదు. దక్షిణమనే అర్థమున్న ‘తెన్’ దీనికి మూలమని కొందరు పండితులంటారు. దక్షిణపు గాలిని తెమ్మెర అనడంలో ఆ ధాతువే ఉంది. త్రిలింగమన్నది దేశిమాటకు తొడిగిన సంస్కృత రూపమని భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషావేత్తల అభిప్రాయం.

అయినా కథ ఎందుకు నిలిచిందంటే, అందులో సగం నిజం కాబట్టి. మూడు గుళ్లూ ఉన్నాయి, వెళ్లి చూడవచ్చు. గుడి కళ్లారా చూసినవాడికి వ్యుత్పత్తి కూడా రుజువైనట్టే తోస్తుంది.

ఇంతవరకు వచ్చాక, ఆ సందేశం పంపినవాళ్లందరికీ ‘ఇది అబద్ధం’ అని తిరిగి రాయడమే మిగిలిందని కాలమిస్టు అనుకున్నాడు. రాయబోయి ఆగాడు. కాకతీయుల కొలువులోని విద్యానాథుడు, దేశం పేరులో శివక్షేత్రాలను చూసి, వాటితో దానికి ఎల్లలు గీశాడు. మాట పుట్టుకకు అది సాక్ష్యం కాదు. కానీ 1300 నాటికి తెలుగువాళ్లు తమ నేలను ఎంతమేర ఊహించుకున్నారో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ద్రాక్షారామమూ అంతే. ఈ రోజు ఆ రకారాన్ని తీసేసి బోర్డులు మార్చమంటే, ఊరివాళ్లు నిజంగా పిలుచుకునే పేరును తప్పనడమే అవుతుంది.

అందుకే వాళ్లకు వెళ్లిన జవాబు వేరు. ద్రాక్షారామమనే పిలవండి, ద్రాక్షతోటల ముక్క తీసేయండి. త్రిలింగం కథను పిల్లలకు తప్పక చెప్పండి, విద్యానాథుడి పేరూ 1300 అనే కాలమూ కలిపి చెప్పండి. ‘తెలుగు’ అనే మాట అంతకన్నా పాతదన్న వాక్యాన్ని మాత్రం వదలకండి.