నోట కరచిన దానిని వదిలించే విద్య

కుక్కల శిక్షణలో ‘లీవ్ ఇట్’, ‘డ్రాప్ ఇట్’ అనే రెండు ఆదేశాలను చాలామంది ఒకటిగానే భావిస్తారు గాని, అవి పనిచేసే సమయాలు వేరు. నేల మీదనో, దారి పక్కనో కనిపించిన వస్తువును కుక్క ఇంకా ముట్టకముందే దాని జోలికి పోవద్దని చెప్పేది ‘లీవ్’. అప్పటికే నోట కరచుకొన్న దానిని కింద విడువమని చెప్పేది ‘డ్రాప్’. మొదటి సందర్భంలో కుక్క వదులుకొనేది ఆశను మాత్రమే. రెండవ సందర్భంలో అది వదులుకోవలసింది చేజిక్కిన సొత్తును. అందువల్ల రెండవ ఆదేశమే నేర్పడానికి కష్టమైనది, తప్పుగా నేర్పితే కాటుకు దారితీసేదీ అదే.

పాత పద్ధతిలో ఇది బలప్రయోగంతో సాగేది. జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణనిచ్చిన కోన్రాడ్ మోస్ట్ 1910లో ప్రచురించిన గ్రంథం మొదలుకొని చాలాకాలం పాటు శిక్షణ అంటే ప్రధానంగా నిర్బంధమనే అభిప్రాయం నిలిచింది. ఇళ్లలో దాని రూపం అందరికీ తెలిసినదే: మెడపట్టీ పట్టి లాగడం, గద్దించడం, పెదవులను కోరలకు అదిమి దవడలు తెరిచి లోపలి వస్తువును ఊడబెరకడం. ఆ పూటకు వస్తువు బయటికి వస్తుంది. దానితో పాటు ‘నోటి దగ్గరికి మనిషి చేయి వచ్చిందంటే ఉన్నది పోతుంది’ అనే పాఠం కూడా కుక్కకు అబ్బుతుంది. తరువాతిసారి ఎముక దొరికితే అది దూరంగా పరుగెత్తుతుంది, లేదా మనిషి చేరేలోగా నమలకుండానే మింగేస్తుంది, లేదా బిగుసుకొని గుర్రుమంటుంది. ఈ మూడూ మొండితనాలు కావు. సొత్తును కాపాడుకోవడానికి దానికి తెలిసిన ఉపాయాలు. ఈ ప్రవర్తనను శిక్షకులు ‘రిసోర్స్ గార్డింగ్’, అంటే సొత్తు కాపలా, అని పిలుస్తారు.

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కల యజమానులను ప్రశ్నించి 2018లో వెలువరించిన అధ్యయనం ఈ విషయంలో గమనింపదగినది. కుక్క తింటుండగా గిన్నెను లాగేసే అలవాటున్న ఇళ్లలో సొత్తు కాపలా మరింత తీవ్రంగా కనిపించగా, తింటున్నప్పుడే గిన్నెలో ఇంకేదైనా రుచికరమైనది వేసే ఇళ్లలో తక్కువగా కనిపించింది. అడిగినప్పుడు వస్తువును నమ్మకంగా విడిచే కుక్కలలో దాని కోసం దాడికి దిగే అవకాశం కూడా తక్కువగానే ఉంది. ఇది యజమానులు చెప్పిన సమాధానాల మీద ఆధారపడిన అధ్యయనం కాబట్టి, ఏది కారణమో ఏది ఫలితమో అది పూర్తిగా తేల్చదు. అయినా, గిన్నె లాగి ‘ఇంటికి పెద్ద ఎవరో’ కుక్కకు తెలియజేయాలనే వాదానికి మాత్రం ఇందులో ఎటువంటి ఆధారమూ లేదు.

బలవంతానికి ప్రత్యామ్నాయంగా వచ్చిన పద్ధతులలో బ్రిటన్‌లోని శిక్షకుడు చిరాగ్ పటేల్ ప్రచారంలోకి తెచ్చిన విధానం ఎన్నదగినది. దాని విశేషమేమిటంటే, మొదటి పాఠాలలో కుక్క నోట ఏ వస్తువూ ఉండదు. శిక్షకుడు మామూలు గొంతుతో ‘డ్రాప్’ అని ఒక్కసారి పలికి, ఒక క్షణం ఆగి, నాలుగైదు తాయిలం ముక్కలను కుక్క ముందు నేల మీద చల్లుతాడు. కుక్క వాటిని ఏరుకొంటుండగా తన వేలితో ఒక్కొక్క ముక్కను చూపుతూ వెదకడంలో దానికి సాయపడతాడు. కుక్క చేసినదేమీ లేదు, దానిని అడిగినదీ లేదు. మాట వినబడింది, నేల మీద తిండి ప్రత్యక్షమైంది, అంతే. గంట శబ్దానికి నోరూరడం నేర్చిన పావ్లోవ్ కుక్కల విషయంలో జరిగినదే ఇక్కడ కూడా జరుగుతుంది: ఒకదాని వెంట ఒకటి మళ్ళీ మళ్ళీ వచ్చే రెండింటిలో మొదటిది రెండవదానికి సూచన అవుతుంది.

ఈ పద్ధతిలో మాట ముందు, తిండి వెనుక రావాలన్న క్రమం కీలకం. రెండూ ఒకేసారి వస్తే, లేదా సంచిలో చేయి పెట్టిన తరువాత మాట పలికితే, కుక్క మాటను కాక చేతి కదలికనే గుర్తు పెట్టుకొంటుంది. తిండిని చేతితో అందించకుండా చల్లడానికి కూడా కారణం ఉంది. చెదిరిన ముక్కలను వాసన పట్టి ఏరుకోవాలంటే నోరు ఖాళీగా ఉండాలి, తల నేలకు వంగాలి, కొంత సమయం పట్టాలి. ముందుముందు వస్తువును తీయవలసి వచ్చినప్పుడు ఆ సమయమే మనిషికి ఉపయోగపడుతుంది. వేలితో చూపించడం వల్ల, మూతి దగ్గర కదిలే చేయి తీసుకుపోయేది కాదు, చూపెట్టేది అనే భావం కుక్కలో స్థిరపడుతుంది. తాయిలం శనగగింజంత ఉంటే చాలు. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం చాలా కుక్కలకు ప్రీతి, అయితే పాఠంలో పెట్టినంత మేరకు ఆ పూట అన్నం తగ్గించాలి. పాఠం రెండు మూడు నిమిషాలకు మించకుండా రోజుకు కొన్నిసార్లు, ఇంట్లో వేర్వేరు గదులలో సాగించాలి.

మాట వేళ్లూనిందో లేదో తెలుసుకోవడం తేలిక. కుక్క వేరే ధ్యాసలో ఉన్నప్పుడు ‘డ్రాప్’ అని, చేయి కదపకుండా నిలబడాలి. అది గబుక్కున మనిషి కాళ్ల దగ్గరి నేలను వెదకడం మొదలుపెడితే తరువాతి మెట్టుకు పోవచ్చు. తల కూడా ఎత్తకపోతే ఇంకొన్ని రోజులు మొదటి మెట్టు మీదనే ఉండాలి. తరువాతి మెట్టులో కుక్కకు పెద్దగా ఆసక్తి లేని చెక్కముక్క వంటిది దాని నోటికిచ్చి మాట పలుకుతారు. అది విడిచి తాయిలం ఏరుకొంటుండగా ఒక చేయి ముక్కలు చూపుతుంది, మరొక చేయి నింపాదిగా వస్తువును తీస్తుంది. తినడం ముగిశాక ఆ వస్తువును తిరిగి కుక్కకే ఇచ్చేస్తారు. ఈ తిరిగి ఇవ్వడం దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. వదిలిన ప్రతిసారీ వస్తువు మాయమైతే, తాయిలం ఎంత రుచిగా ఉన్నా, కుక్క లెక్కలో అది నష్టమే. అభ్యాసంలో ఎక్కువసార్లు వస్తువు తిరిగి వచ్చినప్పుడే, నిజంగా ప్రమాదకరమైనది ఒకసారి తీసుకున్నా ఆ నమ్మకం చెడదు.

ఒక ఉదాహరణతో దీనిని పరిశీలించవచ్చు. ఆరు నెలల లాబ్రడార్ పిల్ల ఒకటి గడప దగ్గర విడిచిన చెప్పులను నోట కరచుకొని మంచం కిందికి దూరుతున్నదనుకొందాం. వస్తువులను నోట మోసుకురావడానికి తరతరాలుగా పెంచిన జాతి అది, పైగా పళ్లు మారే వయసు. చెప్పులను ముట్టవద్దని గద్దించినంత మాత్రాన మానదు. ఇంటివారు చీపురుతో వెంటబడితే దానికి అదొక ఆట, మంచం కిందికి చేయి చాపితే అదొక ముప్పు. కాబట్టి మొదట చెప్పులు అందకుండా అరలో పెట్టి తలుపు వేయాలి. పాఠం పూర్తయ్యేలోపు జరిగే ప్రతి దొంగతనమూ పాఠాన్ని వెనక్కి లాగుతుంది. హాలులో మొదటి మెట్టు ముగిశాక చెక్కముక్కతో, ఆ తరువాత తాడుబొమ్మతో, ఇష్టమైన బంతితో సాధన చేయించి, ఆపైన కడిగిన పాత చెప్పును, చివరకు రోజూ తొడిగే చెప్పును తేవాలి. మనిషి వాసన నిండుగా ఉన్న చెప్పే కుక్కకు ఎక్కువ విలువైనది గనుక ఈ వరుసను తలకిందులు చేయరాదు. చెప్పుతో తొలిసారి చేసేటప్పుడు మనిషి నాలుగైదు అడుగుల దూరాన నిలబడి మాట పలికి, ముక్కలను చెప్పుకు ఎడంగా తన వైపు చల్లాలి. కుక్క వాటి కోసం వచ్చినప్పుడు చెప్పు మీదికి ఉరకకుండా మరికొన్ని ముక్కలు చల్లుతూ దానిని ఇంకొంచెం దూరం నడిపించి, ఆ తరువాతే చెప్పు తీయాలి.

పాఠం పూర్తికాకముందే కుక్క మాత్రల అట్టో, కోడి ఎముకో పట్టుకుంటే ఏం చేయాలన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. అప్పుడు ఇంకా గట్టిపడని మాటను వాడి పాడుచేయడం కన్నా, తాయిలం డబ్బా గలగలలాడించడం, ఫ్రిజ్ తలుపు తీయడం, షికారు గొలుసు చేతికి తీసుకోవడం మేలు. ఇది నిస్సందేహంగా లంచమే, అత్యవసరంలో తప్పు లేదు. అదే రోజువారీ పద్ధతి అయితే మాత్రం కుక్క ముందు తాయిలం చూసిన తరువాతే బేరానికి వస్తుంది, తాయిలం కోసమే వస్తువులను ఎత్తుకుపోవడం కూడా మొదలుపెడుతుంది. ఆ రెండవ లక్షణం కనిపిస్తే, రోజులో కుక్క ఏ దొంగతనమూ చేయకుండా పడుకొని ఉన్న వేళల్లో, తన బొమ్మలతో ఆడుకొంటున్న వేళల్లో తాయిలం ఎక్కువగా అందేలా చూడాలి.

‘లీవ్’ నేర్పడం దీనితో పోలిస్తే సులువు. గుప్పిట్లో ఒక ముక్క మూసి కుక్క ముందు ఉంచితే అది నాకుతుంది, కాలితో గీరుతుంది, మూతితో తోస్తుంది. గుప్పిట తెరవకుండా, ఏమీ అనకుండా ఉండాలి. విసిగి మూతి వెనక్కి తీసిన క్షణంలోనే రెండవ చేతి నుంచి వేరొక తాయిలం ఇవ్వాలి. గుప్పిటను ముట్టకుండా మనిషి ముఖంలోకి చూడడం అలవాటయ్యాక ‘లీవ్’ అనే మాటను ముందు చేర్చి, తెరిచిన అరచేతికి, తరువాత నేల మీది ముక్కకు, చివరకు గొలుసు పట్టుకొని నడిచే వీధికి మారాలి. నేల మీద పెట్టినప్పుడు పాదంతో కప్పేయడానికి సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే మనిషి కన్నా కుక్క వేగం ఎక్కువ. వదలమన్న ముక్కనే బహుమానంగా ఇవ్వడం ఈ దశలో మంచిది కాదు. ఇస్తే వీధిలో ‘ఆగితే చివరకు అదే దొరుకుతుంది’ అని కుక్క ఎదురుచూస్తుంది. మాటల ఎంపిక విషయంలో తెలుగు ఇళ్లకు ఒక సూచన: ‘వద్దు’, ‘వదులు’ అనేవి కుక్క చెవికి దగ్గరగా వినిపించే శబ్దాలు కాబట్టి, రెండు ఆదేశాలకూ అవే పెట్టుకోకపోవడం మంచిది.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. మనిషి దగ్గరికి రాగానే కుక్క నమలడం ఆపి వస్తువు మీదికి తల వంచి బిగుసుకుపోవడం, కనుకొలకుల్లో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఒక్కసారిగా తిండి వేగం పెంచడం కాటుకు ముందు వచ్చే హెచ్చరికలు. గుర్రుమనడం కూడా హెచ్చరికే. దానికి దెబ్బ కొడితే పోయేది గుర్రు మాత్రమే, భయం కాదు, అలాంటి కుక్క తరువాత హెచ్చరించకుండానే కరుస్తుంది. ఇప్పటికే ఎవరినైనా కరచిన కుక్క విషయంలో పుస్తకం చదివి ఇంట్లో ప్రయోగం చేయరాదు. పశువైద్యునికి చూపి నొప్పి, జబ్బు లేవని నిర్ధారించుకొని, బలప్రయోగం చేయని శిక్షకుని సాయం తీసుకోవాలి. ఎలుకల మందు వంటిది మింగిందన్న అనుమానం ఉంటే ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించే ప్రయత్నం మాని, మందు పొట్లంతో సహా కుక్కను వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇక ఇంట్లో చిన్నపిల్లలుంటే, కుక్క ఎంత బాగా నేర్చినా దాని నోటిలోని వస్తువును అడిగే పని పెద్దలే చేయాలి; పిల్లలకు నేర్పవలసింది ‘కుక్క ఏదైనా పట్టుకుంటే దాని దగ్గరికి వెళ్లక మమ్మల్ని పిలవండి’ అన్న ఒక్క మాటే.