రెండు కేబుళ్లు, ఒకే ఫైలు

సర్వర్‌కు ఒక గిగాబిట్ కేబుల్ చాలడం లేదని ఇంకోటి వేసి, రెండింటినీ కలిపి ఒకే లింకుగా బాండ్ చేస్తారు. తీరా పెద్ద ఫైలొకటి కాపీ పెడితే, సెకనుకు 110 మెగాబైట్ల దగ్గరే నిలబడిపోతుంది. వెంటనే ఫోను: "సర్, బాండింగ్ పనిచెయ్యట్లేదు." నెట్‌వర్క్ పనిలో నాకు బాగా అలవాటైన ఫిర్యాదు ఇది. చాలాసార్లు బాండింగ్ భేషుగ్గా పనిచేస్తూనే ఉంటుంది.

ఒక కనెక్షన్ ప్యాకెట్లన్నీ ఒకే కేబుల్ మీద పోవడం కావాలని పెట్టుకున్న పద్ధతి. 2000లో వచ్చిన 802.3ad ప్రమాణం ఫ్రేముల వరుస చెడకూడదంటుంది. ప్యాకెట్లను వంతులవారీగా చెరో కేబుల్ మీద వేశామనుకోండి, ఒకచోట క్యూ కాస్త పెరిగినా వెనక బయల్దేరింది ముందు చేరుతుంది. టీసీపీ దాన్ని ప్యాకెట్ పోయిందనుకుని వేగం తగ్గించేస్తుంది. అందుకే ఆ ఒక్క ఫైలుకు ఒక్క కేబులే. రెండో కేబుల్ లాభం పదిమంది ఒకేసారి వాడినప్పుడు తెలుస్తుంది.

పదిమంది వాడుతున్నా రెండోది ఖాళీగా ఉంటే మాత్రం అది నిజంగా చూడాల్సిన సంగతి. ఏ ప్యాకెట్ ఏ కేబుల్ ఎక్కాలో అడ్రసుల మీద చేసే చిన్న లెక్క, అంటే హాష్, తేలుస్తుంది. లినక్స్‌లో మనం ఏమీ మార్చకపోతే ఆ పాలసీ `layer2`. పంపేవాడి మ్యాక్ అడ్రసు చివరి బైటునీ, అందుకునేవాడిదీ, ప్యాకెట్ రకం నంబరునీ ఎక్స్‌ఆర్ చేసి, కేబుళ్ల సంఖ్యతో భాగించి శేషం తీసుకుంటుంది. కేబుళ్లు రెండే కాబట్టి చివరికి మిగిలేది సరి బేసి లెక్కే.

వాడేవాళ్లంతా రౌటర్‌కు అవతల ఉన్నారనుకుందాం. సర్వర్ మ్యాక్ చివర `3a`, సరి. రౌటర్‌ది `01`, బేసి. అవతల వందమంది ఉన్నా సర్వర్ నుంచి బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్ మీదా ఉండేది రౌటర్ మ్యాకే. ఐపీవీ4 ప్యాకెట్ల రకం నంబరు సరి కాబట్టి వాటికి శేషం ఎప్పుడూ 1. మొదటి కేబుల్ దాదాపు ఊరికే పడి ఉంటుంది.

ఊహించక్కర్లేదు, కౌంటర్లు చూస్తే చాలు:

```
cat /proc/net/bonding/bond0
ip -s link show eno1
ip -s link show eno2
```

మొదటిది పాలసీ చెబుతుంది. మిగతా రెండింటిలో TX బైట్లు ఒకవైపే పెరుగుతుంటే దొరికినట్టే. పాలసీని `layer3+4`కి మారిస్తే ఐపీ అడ్రసులూ పోర్టు నంబర్లూ లెక్కలోకి వస్తాయి, కనెక్షన్లు రెండువైపులకీ పంపిణీ అవుతాయి. అయినా సరిగ్గా సగం సగం రాదు. హాష్‌కు ఏ కనెక్షన్ బరువైందో తెలియదు, రెండు భారీ బ్యాకప్‌లు ఒకే కేబుల్ మీద పడొచ్చు.

ఇదంతా సర్వర్ పంపే దిశకే. లోపలికొచ్చే ట్రాఫిక్‌ను పంచేది అవతలి స్విచ్, తన సొంత హాష్‌తో. RX ఒకవైపే పెరుగుతుంటే సర్వర్‌లో ఎంత వెతికినా దొరకదు, స్విచ్ సెట్టింగ్ తెరవాలి.